ఏఐ బొమ్మల్లో కోటు గుండీలు, జిప్పులు, జేబులు, కాలర్ సరిచేయడం ఎలా? మొదటి నుంచి చివరి దాకా

ఏఐతో తీసిన బ్లేజర్ బొమ్మలు పంపి, "దూరం నుంచి బాగానే ఉంది, దగ్గరికి వెళ్తే ఏదో తేడాగా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ఆ తేడా దాదాపు ఎప్పుడూ నాలుగు చోట్లే ఉంటుంది: కాలర్, ముందు అంచు, జేబులు, గుండీలు. జిప్ జాకెట్ అయితే జిప్పు ఐదోది.

ఇక్కడ ఒకే ఒక బొమ్మను పట్టుకుని చివరిదాకా సరిచేద్దాం. మగవాళ్ల నేవీ బ్లూ బ్లేజర్, రెండు గుండీలు, మామూలు నాచ్ లాపెల్, నడుము దగ్గర రెండు ఫ్లాప్ జేబులు. లాపెల్ అంటే ఛాతీ మీద బయటికి మడిచిన అంచు, నాచ్ అంటే అది కాలర్‌తో కలిసే చోటున్న కోత, ఫ్లాప్ అంటే జేబు మీది మూత. మనిషి మనవైపు నిలబడి, కొద్దిగా మన ఎడమకు తిరిగి ఉన్నాడు. పనిముట్లు రెండే: స్టేబుల్ డిఫ్యూజన్‌లో, మాస్క్‌తో గుర్తుపెట్టిన భాగాన్ని మాత్రమే మళ్లీ గీయించే ఇన్‌పెయింట్, ఉచితంగా దొరికే క్రిటా. ఫొటోషాప్, గింప్ వాడేవాళ్లకు కూడా ఇదే వరస పనికొస్తుంది.

## 1. ముందుగా తెలుసుకోవాల్సింది: కోటు అద్దంలో బొమ్మ కాదు

చాలామంది చేసే మొదటి పని, బాగున్న సగాన్ని కాపీ చేసి తిప్పి రెండో సగం మీద పెట్టేయడం. అక్కడే అసలు తప్పు జరుగుతుంది.

కోటులో రెండు వైపులా ఒకేలా ఉండాల్సినవి కొన్ని ఉంటాయి: లాపెల్ వెడల్పు, నాచ్ ఎత్తు, భుజాలు, కింది జేబులు. ఒకేలా ఉండకూడనివి కూడా ఉంటాయి. మగవాళ్ల కోటులో ఎడమ ముక్క కుడి ముక్క మీదికి వస్తుంది. కాజాలు ఎడమ ముక్కలో, గుండీలు కుడి ముక్క మీద. ఛాతీ జేబు ఎడమవైపు మాత్రమే. లాపెల్ మీద చిన్న కాజా ఉంటే అది కూడా ఎడమవైపే. ఆడవాళ్ల కోటులో సంప్రదాయం ప్రకారం కుడి ముక్క పైకి వస్తుంది.

ఇక్కడ "ఎడమ" అంటే కోటు వేసుకున్న మనిషి ఎడమ. బొమ్మలో అది మనకు కుడివైపు కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోకపోతే మిగతా పనంతా తలకిందులవుతుంది.

నాకు ఈ పాఠం ఒక టైలర్ మాస్టరు గారి దగ్గర దొరికింది. ఆయన కుట్టిన కోటుకు కేటలాగ్ బొమ్మ చేసి ఫోన్‌లో చూపించాను. కాలర్ చక్కగా వచ్చింది, జేబులు సమానంగా ఉన్నాయి. ఆయన రెండు సెకన్లు చూసి, తన చొక్కా పట్టీ మీద వేలు పెట్టి, "బాబూ, ఇది ఆడవాళ్ల కోటు కదా?" అన్నారు. నేను సగాన్ని తిప్పి అతికించినప్పుడు ఛాతీ జేబుతో సహా అన్నీ అవతలి వైపుకు వెళ్లిపోయాయి. నా కంటికి అది పడనే లేదు.

ఏఐ మోడల్ కూడా ఇదే పొరపాటు చేస్తుంది. అది నేర్చుకున్న ఫొటోల్లో మగవాళ్ల కోట్లు, ఆడవాళ్ల కోట్లు, అద్దం ముందు తీసుకున్న సెల్ఫీలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఏ ముక్క పైకి రావాలన్న నియమం దానికి తెలియదు.

## 2. మోడల్ గుండీలను ఎందుకు చెడగొడుతుంది

కారణం తెలిస్తే పరిష్కారం అర్థమవుతుంది కాబట్టి ఒక్క నిమిషం.

స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడల్ బొమ్మను నేరుగా పిక్సెళ్లలో గీయదు. ఒక చిన్న, కుదించిన రూపంలో గీసి, తర్వాత పెద్దది చేస్తుంది. ఆ కుదింపు రెండు దిక్కుల్లోనూ 8 రెట్లు. అంటే 1024 పిక్సెళ్ల వెడల్పు ఉన్న బొమ్మకు లోపల 128 గళ్లే ఉంటాయి.

మన బొమ్మ 1024×1536. తల నుంచి మోకాళ్ల దాకా మనిషి ఉన్నాడు. అందులో కోటు గుండీ సుమారు 20 పిక్సెళ్లు వస్తుంది, అంటే లోపల రెండున్నర గళ్లు. చేతి మీది గుండీకి రెండు గళ్లు కూడా రావు. అంత తక్కువ చోటులో గుండ్రటి అంచు, నాలుగు రంధ్రాలు, దారం గీయడం కుదరదు. అందుకే అవి కరిగిన మైనంలా వస్తాయి.

కాబట్టి ప్రాంప్ట్‌లో "పర్ఫెక్ట్ బటన్స్" అని ఎన్నిసార్లు రాసినా లాభం లేదు. ఆ భాగానికి ఎక్కువ చోటు ఇవ్వాలి. లేకపోతే గుండీని మనమే బయటి నుంచి తెచ్చి పెట్టాలి. ఈ రెండూ చేయబోతున్నాం.

## 3. సిద్ధం చేసుకోవాల్సినవి

బొమ్మ తెరిచే ముందు అసలు కోటు దగ్గర పదిహేను నిమిషాలు కూర్చోండి. టేపు, ఫోన్ చాలు.

- కోటును మంచం మీద పరిచి, పై నుంచి నిటారుగా ఒక ఫొటో తీయండి. గుండీలు ఒకసారి పెట్టి, ఒకసారి తీసి.
- ఒక గుండీని దగ్గరగా, కిటికీ వెలుగులో, నేరుగా ఎదురుగా ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు.
- కొలతలు రాసుకోండి: కోటు పొడవు, లాపెల్ ఎక్కువ వెడల్పు ఉన్న చోట ఎంత, రెండు గుండీల మధ్య దూరం, ఫ్లాప్ వెడల్పు, ఎత్తు, ఛాతీ జేబు వెడల్పు.
- కాగితం మీద రాయండి: "పైకి వచ్చే ముక్క మనిషికి ఎడమ, బొమ్మలో నా కుడి."

మన కోటు కొలతలు ఇవి: పొడవు 74 సెం.మీ., లాపెల్ 8.5, గుండీల మధ్య 11, ఫ్లాప్ 15 వెడల్పు 5 ఎత్తు, ఛాతీ జేబు 10.5. ముందు గుండీ 2 సెం.మీ. అడ్డం. గుండీల దుకాణంలో దీన్ని 32 నంబరు అంటారు. చేతి గుండీ 24 నంబరు, అంటే 1.5 సెం.మీ.

ఇప్పుడు బొమ్మను రెండింతలు చేయండి, 2048×3072. ఆ తర్వాత స్కేలు లెక్కించండి. భుజం నుంచి కింది అంచు దాకా కోటు సుమారు 1480 పిక్సెళ్లు వచ్చింది. 1480ని 74తో భాగిస్తే సెంటీమీటరుకు 20 పిక్సెళ్లు. ఈ ఒక్క సంఖ్యతో మిగతావన్నీ తేలిపోతాయి: గుండీ 40 పిక్సెళ్లు ఉండాలి, గుండీల మధ్య 220 ఉండాలి.

అసలు కోటు చేతిలో లేకుండా ఊహించి చేసే బొమ్మ అయితే, ఇలాంటి కోటు వేసుకున్న మనిషి నిజమైన ఫొటో ఒకటి పక్కన పెట్టుకోండి. కొలతలు దాని నుంచే తీసుకోవాలి.

## 4. మధ్య గీత, మెట్లు

క్రిటాలో పైన ఒక ఖాళీ లేయర్ తెరిచి ఎర్ర రంగుతో గీయండి. ఈ గీతలు లేకుండా ఏ భాగాన్నీ ముట్టుకోకండి.

మధ్య గీత. గొంతు గుంట నుంచి మొదలుపెట్టి, పై గుండీ మధ్యగా, ప్యాంటు జిప్పు దాకా. మనిషి తిరిగి ఉంటే ఇది తిన్నగా ఉండదు, ఛాతీ దగ్గర కొద్దిగా వంగుతుంది. అలాగే వంచండి. కోటు అంచునే మధ్య గీత అనుకోవద్దు. పైకి వచ్చే ముక్క అంచు మధ్య గీతను దాటి ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు అవతలికి వెళ్తుంది. గుండీ ఉండేది అంచు మీద కాదు, మధ్య గీత మీద.

మెట్లు. నిచ్చెన మెట్లలా మూడు అడ్డగీతలు: రెండు భుజాల చివర్లను కలుపుతూ ఒకటి, రెండు చంకలను కలుపుతూ ఒకటి, నడుము జేబుల ఎత్తులో ఒకటి. మనిషి తిరిగి ఉన్నాడు కాబట్టి ఇవి ఒకదానికొకటి పూర్తిగా సమాంతరంగా ఉండవు, కొద్దిగా దగ్గరవుతూ పోతాయి. ఒక భుజం ఎత్తి నిలబడితే పై మెట్టు మాత్రమే ఎక్కువ వంగుతుంది. అందుకే ఒక్క మెట్టును నమ్ముకోకూడదు.

నిష్పత్తి. చంకల మెట్టు మీద మధ్య గీత నుంచి రెండు వైపులకూ కొలవండి. ఇక్కడి నుంచి ఎడమ, కుడి అంటే బొమ్మ చూసే మనకు ఎడమ, కుడి. మన బొమ్మలో ఎడమవైపు 270, కుడివైపు 370 పిక్సెళ్లు. 270ని 370తో భాగిస్తే 0.73. అంటే కుడివైపు ఉన్న ఏ వస్తువైనా ఎడమవైపు కనిపించేటప్పుడు అడ్డంగా సుమారు 73 శాతానికి తగ్గాలి. ఎత్తు తగ్గదు.

"సమానంగా ఉండాలి" అంటే బొమ్మలో పిక్సెళ్లు సమానం కావడం కాదు, గుడ్డ మీద సమానం కావడం. తిరిగి నిలబడ్డ మనిషి కోటులో రెండు లాపెళ్లూ ఒకే వెడల్పుతో కనిపిస్తే, అదే తప్పు.

ఒక పరిమితి కూడా చెప్పాలి. మనిషి ముప్పై డిగ్రీలకు మించి తిరిగి ఉంటే ఈ నిష్పత్తి పద్ధతి పనిచేయదు. ఛాతీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి దూరం వైపు భాగం ఒక్కోచోట ఒక్కోలా కుదించుకుపోతుంది. అలాంటి బొమ్మకు కింద 5లో చెప్పిన గీతల పద్ధతే దారి.

## 5. కాలర్, లాపెల్

వరస ముఖ్యం. కాలర్ మొదట, ముందు అంచు తర్వాత, ఆపైన జేబులు, గుండీలు చిట్టచివర. లాపెల్ మడత ఎక్కడ ఆగుతుందో దాన్ని బట్టే పై గుండీ చోటు తేలుతుంది. గుండీలతో మొదలుపెడితే మళ్లీ మళ్లీ కదపాల్సి వస్తుంది.

మన బొమ్మలో కుడి లాపెల్ 165 పిక్సెళ్లు ఉంది, కొలత ప్రకారం సరే. ఎడమది 165లో 73 శాతం, అంటే 120 ఉండాలి. మోడల్ గీసింది 170. నాచ్ కూడా చూడండి. కుడి నాచ్ నుంచి మెట్టుకు సమాంతరంగా గీత గీస్తే ఎడమ నాచ్ బొమ్మ పై అంచు నుంచి 810 పిక్సెళ్ల దగ్గర రావాలి, 860 దగ్గర ఉంది. 50 పిక్సెళ్లు, అంటే గుడ్డ మీద రెండున్నర సెంటీమీటర్లు కిందికి జారింది. చూసినవాళ్లకు "ఏదో తేడా" అనిపించింది ఇందుకే.

సరిచేసే పద్ధతి:

1. కుడి లాపెల్, కాలర్‌ను అంచు వెంబడి జాగ్రత్తగా సెలెక్ట్ చేసి కొత్త లేయర్‌లోకి కాపీ చేయండి. ఛాతీ జేబు, లాపెల్ కాజా రాకూడదు. వస్తే ఆ కాపీలోనే చెరిపేయండి.
2. అడ్డంగా తిప్పండి. వెడల్పు 73 శాతానికి తగ్గించండి.
3. ట్రాన్స్‌ఫార్మ్ పనిముట్టులో పర్‌స్పెక్టివ్ తీసుకుని నాచ్‌ను మెట్టు గీత మీదికి, మడత కింది కొసను పై గుండీ ఎత్తుకు తెండి.
4. కింద మిగిలిన పాత లాపెల్‌ను పక్కనున్న గుడ్డతో క్లోన్ చేసి కప్పేయండి.

ఇప్పుడు ఆకారం సరిపోయింది కానీ వెలుగు తప్పింది. అసలు బొమ్మలో వెలుగు కుడి నుంచి వస్తుంటే, తిప్పిన లాపెల్ మీద అది ఎడమ నుంచి వస్తున్నట్టు ఉంటుంది. దీన్ని చేత్తో దిద్దే కంటే ఇన్‌పెయింట్‌కు వదలడం మేలు. కాలర్ చుట్టూ మాస్క్ వేసి ఈ సెట్టింగులతో నడపండి:

```
Inpaint area: Only masked
Only masked padding, pixels: 64
Masked content: original
Mask blur: 6
Denoising strength: 0.35
```

`Only masked` అంటే మాస్క్ ఉన్న ముక్కను మాత్రమే కత్తిరించి, పెద్దది చేసి, గీసి, మళ్లీ చిన్నది చేసి అతికిస్తుంది. 2లో చెప్పిన చోటు సమస్య దీంతోనే తీరుతుంది. 400 పిక్సెళ్ల ముక్క 1024గా మారి గీస్తే, 40 పిక్సెళ్ల వస్తువుకు లోపల 5 గళ్లకు బదులు 12, 13 గళ్లు దొరుకుతాయి.

ఉన్న బొమ్మను మోడల్ ఎంత మార్చాలో చెప్పే `Denoising strength` 0.3 నుంచి 0.4 మధ్య ఉంచండి. అంతకంటే తక్కువైతే వెలుగు మారదు. 0.5 దాటితే మోడల్ మళ్లీ సొంత లాపెల్ గీసేస్తుంది, మనం పడ్డ కష్టం పోతుంది. నాలుగు బొమ్మలు తీసి వాటిలో నాచ్ కదలనిది ఎంచుకోండి.

రెండు వైపులూ పాడైతే? కాపీ చేయడానికి మంచి సగం లేనప్పుడు గీతలు మీరే గీయాలి. తెల్ల గీతలు, నల్ల నేపథ్యం. కాలర్ అంచు, కాలరూ లాపెలూ కలిసే కుట్టు, నాచ్, మడత గీత, బయటి అంచు. ఒక్కో వైపు ఐదు గీతలే. వాటిని, మనమిచ్చిన గీతల ప్రకారమే మోడల్‌తో గీయించే కంట్రోల్‌నెట్‌లో లైన్‌ఆర్ట్‌గా ఇచ్చి, `Control Weight` 0.8 దగ్గర పెట్టి, `Denoising strength` 0.7 దాకా పెంచి ఇన్‌పెయింట్ చేయండి. ఆకారాన్ని గీతలు పట్టుకుంటాయి కాబట్టి ఇక్కడ ఎక్కువ పెంచినా భయం లేదు. గీతలు గీసేటప్పుడు ఎర్ర మెట్లు తెరిచే ఉంచండి.

లోపలి చొక్కా కాలర్. దీన్ని చాలామంది వదిలేస్తారు. రెండు కొసలూ ఒకే పొడవు ఉండాలి, రెండూ లాపెల్ కిందికే వెళ్లాలి. ఒకటి లోపల, ఒకటి బయట ఉంటే అది మోడల్ తప్పే. టై లేకపోతే కాలర్ పట్టీ మీది గుండీ మధ్య గీత మీద ఉందో లేదో చూడండి.

## 6. ముందు అంచు

బొమ్మను పెద్దది చేసి పై నుంచి కిందికి అంచు వెంట నడవండి. ఒకటే ప్రశ్న: ఏ ముక్క పైన ఉంది? మోడల్ తరచుగా పై గుండీ దగ్గర కుడి ముక్కను పైకి తెచ్చి, కిందికి వచ్చేసరికి ఎడమ ముక్కను పైకి తెస్తుంది. రెండు గుడ్డలు ఒకదానిలోంచి ఒకటి దూరినట్టు ఉంటుంది.

మన బొమ్మలో, మనకు కుడివైపు కనిపించే ముక్క పై నుంచి కింద దాకా పైనే ఉండాలి. దాని అంచు మధ్య గీతకు ఎడమగా 30 నుంచి 40 పిక్సెళ్ల దూరంలో దిగి, పై గుండీ దాటాక గుండ్రంగా బయటికి తిరగాలి. అంచుకు ఎడమవైపు, అంటే కింది ముక్క మీద, సన్నని నీడ పడాలి. నీడ కుడివైపు ఉంటే ముక్కలు తారుమారైనట్టే.

సరిచేయడం కష్టం కాదు. సరైన అంచును ఒక ముదురు గీతగా గీయండి, కింది ముక్క మీద మల్టిప్లై లేయర్‌తో 8, 10 పిక్సెళ్ల మెత్తని నీడ వేయండి, సన్నని మాస్క్‌తో 0.3 దగ్గర ఒకసారి ఇన్‌పెయింట్ చేయండి.

## 7. జేబులు

కింది జేబులకు లాపెల్ పద్ధతే: బాగున్నదాన్ని కాపీ చేసి, తిప్పి, నిష్పత్తికి తగ్గించి, మెట్టు మీద కూర్చోబెట్టడం. మన బొమ్మలో కుడి ఫ్లాప్ 260 పిక్సెళ్లు కనిపిస్తోంది. ఎడమది 190 దగ్గర ఉండాలి. ఎత్తు మాత్రం రెండింటికీ 100.

మూడు సంగతులు చూసుకోండి. రెండు వైపులా ఒకే రకం జేబు ఉండాలి. ఒకవైపు ఫ్లాప్, ఇంకోవైపు ఉత్త చీలిక రావడం మోడల్ బాగా చేసే తప్పు. ఫ్లాప్ ముందు అంచు కోటు ముందు అంచుకు దాదాపు సమాంతరంగా దిగాలి. చేయి జేబును సగం కప్పితే, అవతలి కొస ఎక్కడ తేలాలో మెట్టు గీత మీద గుర్తుపెట్టండి.

ఛాతీ జేబు మనకు కుడివైపే, ఒక్కటే. బయటి కొస లోపలి కొస కంటే కొద్దిగా పైకి ఉండాలి. మన బొమ్మలో మోడల్ రెండు వైపులా పెట్టింది. ఎడమదాన్ని క్లోన్‌తో చెరిపేయాలి, ఇన్‌పెయింట్‌తో కాదు. ఇన్‌పెయింట్ చేస్తే ఆ చోట ఇంకో జేబు గీసే అవకాశమే ఎక్కువ.

డెనిమ్ జాకెట్ అయితే ఇంకో జాగ్రత్త. డెనిమ్ గుడ్డలో సన్నని ఏటవాలు గీతలు ఉంటాయి, రెండు వైపులా ఒకే దిక్కుకు వాలుతాయి. జేబును తిప్పి అతికిస్తే అవి ఎదురు దిక్కుకు వాలి, దగ్గరి బొమ్మలో దొరికిపోతుంది. అలాంటప్పుడు ఆకారాన్ని మాత్రం తిప్పి, లోపలి గుడ్డను పక్కనుంచి క్లోన్ చేయండి. ఎంబ్రాయిడరీ, అక్షరాలు ఉన్నచోట కూడా ఇంతే.

## 8. గుండీలు

ఇక్కడికి వచ్చేసరికి మోడల్ పని అయిపోయింది. గుండీలను గీయించకండి, పెట్టండి.

ముందుగా మోడల్ గీసిన గుండీలన్నిటినీ క్లోన్‌తో చెరిపేయండి. చెరిపాక కోటు మీద ఒక్క చుక్క కూడా మిగలకూడదు. తర్వాత మీరు తీసిన గుండీ ఫొటోను గుండ్రంగా కత్తిరించి 40 పిక్సెళ్లకు తగ్గించండి. మనిషి తిరిగి ఉన్నాడు కాబట్టి అడ్డం కొద్దిగా తగ్గి, 37 లేదా 38 అవుతుంది. అంతకంటే వద్దు, గుండీ ఛాతీ మధ్యలో ఉంటుంది, పక్కల్లో ఉన్నంత కుదింపు దానికి ఉండదు.

పై గుండీ మధ్య గీత మీద, లాపెల్ మడత ఆగిన చోటుకు కొద్దిగా కింద. ఇది పెట్టి ఉన్న గుండీ. కాజా అడ్డంగా ఉంటుంది. గుండీ కాజాలో అంచు వైపు కొసకు లాగబడి ఉంటుంది, ఎందుకంటే కింది ముక్క అటు లాగుతుంది. అంటే గుండీకి ఎడమవైపు కాజా కనిపించదు, కుడివైపు ఒక చిన్న తోక మాత్రం బయటికి కనిపిస్తుంది. ఈ తోక గీస్తే గుండీ నిజంగా పెట్టినట్టు కనిపిస్తుంది. గీయకపోతే అతికించిన స్టిక్కరులా ఉంటుంది.

కింది గుండీ 220 పిక్సెళ్ల కింద, దాదాపు ఫ్లాప్ జేబుల పై గీత ఎత్తులో. దీన్ని పెట్టుకోరు. కాబట్టి ఇది కింది ముక్క మీద, పై ముక్క అంచు పక్కన కనిపించాలి. సగం అంచు కింద దాగినా తప్పు లేదు. పై ముక్క మీద అదే ఎత్తులో ఖాళీ కాజా ఒకటి ఉండాలి. మోడల్ ఈ గుండీని పై ముక్క మీదే కూర్చోబెట్టి, కాజాను మరిచిపోతుంది. చూసినవాళ్లు ఎందుకో చెప్పలేకపోయినా, ఏదో కుదరలేదని మాత్రం వాళ్లకు తెలుస్తుంది.

ప్రతి గుండీ కింద వెలుగుకు ఎదురు దిక్కున 3, 4 పిక్సెళ్ల నీడ వేయండి. రెండు గుండీల్లో రంధ్రాలు సరిగ్గా ఒకే కోణంలో ఉంటే కాపీ అని తెలిసిపోతుంది. ఒకదాన్ని ఇరవై డిగ్రీలు తిప్పండి. తిప్పాక మెరుపు చుక్క రెండింటిలోనూ ఒకే వైపు ఉందో లేదో చూసుకోండి.

చేతి గుండీలు 30 పిక్సెళ్లు, చేతి వెనక కుట్టు వెంట ఒకే వరసలో, ఒకదానికొకటి ఆనీ ఆననట్టు. ఎన్ని ఉన్నాయో అసలు కోటులో లెక్కపెట్టి, అన్నే పెట్టండి. రెండో చేతికీ అదే లెక్క.

గుండీలు పెట్టాక వాటి మీద ఇన్‌పెయింట్ నడపొద్దు. 0.15 పెట్టినా రంధ్రాలు కరిగిపోతాయి.

## 9. జిప్ జాకెట్ అయితే

6, 8 భాగాలకు బదులు ఇది చేయండి. జిప్పుకు ఒకటే నియమం: స్లైడరు పైన రెండు పట్టీలు విడిపోయి ఉంటాయి, కింద ఒకటే గీత. మోడల్ రెండు స్లైడర్లు పెడుతుంది, లేదా మధ్యలో పళ్లు మాయం చేస్తుంది, లేదా స్లైడరు పైన కూడా మూసే ఉంచుతుంది.

జాకెట్లకు ఎక్కువగా వాడే 5 నంబరు జిప్పు పళ్లు మూసినప్పుడు సుమారు 5 మి.మీ. వెడల్పు. మన స్కేలులో 10 పిక్సెళ్లు. ఆ సైజులో ఒక్కో పన్ను విడిగా కనిపించదు. కాబట్టి పళ్లు గీయాలని తంటాలు పడొద్దు. మధ్య గీత వెంట 10 పిక్సెళ్ల వెడల్పుతో ఒక బూడిద పట్టీ, దాని మీద సమాన దూరంలో సన్నని అడ్డగీతలు ఉన్న బ్రష్‌తో ఒకే స్ట్రోక్ చాలు. స్లైడరును మాత్రం నిజమైన ఫొటో నుంచి తెచ్చి పెట్టండి.

పై నుంచి కిందికి జిప్పు సన్నబడకూడదు, లావు కాకూడదు. జిప్పుకు రెండు వైపులా కాలర్ పై అంచు, కింది రిబ్ పట్టీ ఒకే ఎత్తులో కలవాలి. జాకెట్ మూసినప్పుడు అక్కడ అర సెంటీమీటరు తేడా వచ్చినా కన్ను పట్టేస్తుంది.

## 10. పంపే ముందు చూసుకోవాల్సినవి

గీతల లేయర్ ఆపేసి, రెండు నిమిషాలు వేరే పని చూసుకుని వచ్చి చూడండి. క్రిటాలో `M` నొక్కితే చూపు మాత్రం అద్దంలోలా తిరుగుతుంది, బొమ్మ మారదు. ఒకవైపు వాలిపోయిన కాలర్ అప్పుడు వెంటనే కనబడుతుంది. మళ్లీ `M` నొక్కి మామూలుకు తెచ్చాకే కింది జాబితా మొదలుపెట్టండి, లేకపోతే ఎడమ కుడి లెక్క తప్పుతుంది.

- మగవాళ్ల కోటు: పైకి వచ్చిన ముక్క నా కుడివైపుదేనా?
- ఛాతీ జేబు నా కుడివైపు, ఒక్కటేనా?
- రెండు నాచ్‌లూ ఒకే మెట్టు మీద ఉన్నాయా?
- దూరం వైపు లాపెల్ నిష్పత్తి ప్రకారం సన్నగా ఉందా?
- గుండీలు మధ్య గీత మీద ఉన్నాయా, అంచు మీదా?
- పెట్టిన గుండీకి కాజా తోక ఉందా? పెట్టని గుండీకి ఎదురుగా ఖాళీ కాజా ఉందా?
- గుండీల నీడ, అంచు నీడ, లాపెల్ నీడ ఒకే దిక్కుకు పడుతున్నాయా?
- గుండీల సంఖ్య అసలు కోటుతో సరిపోయిందా?

ఒక్కదానికి "కాదు" వస్తే, ఆ భాగం దగ్గరికి వెళ్లి అక్కడినుంచి కిందికి మళ్లీ వరసగా రండి. లాపెల్ మార్చి పై గుండీని అక్కడే వదిలేస్తే పొసగదు.

చివరగా ఫైలు దాచుకునే పద్ధతి. గుండీలు, కాజా తోకలు, వాటి నీడలు వేరే గ్రూపులో ఉంచి `.kra`గానే ఒక కాపీ దాచండి. అదే కోటు బూడిద రంగులో, మెరూన్‌లో చేయమని అడిగినప్పుడు గుడ్డ రంగు కింది లేయర్లలో మార్చుకోవచ్చు, గుండీల గ్రూపు ముట్టుకోనక్కర్లేదు. మొదటి బొమ్మకు నాకు మూడు గంటలు పట్టింది, అదే కోటు రెండో రంగుకు ఇరవై నిమిషాలు.